సంక్రాంతి పిండివంటల ఆర్డర్లకు అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ ఎలా పెట్టాలి

నేను మొదటిసారి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ ఇది: "అందరికీ నమస్కారం. సంక్రాంతికి ఇంట్లో చేసిన సకినాలు, గారెలు, అరిసెలు ఆర్డర్ మీద చేసి ఇవ్వబడును. కావలసినవారు సంప్రదించగలరు." చివర్లో దండం బొమ్మ కూడా పెట్టాను.

పది నిమిషాల్లో "రేటెంత?" అని ఒకరు అడిగారు. నేను జవాబు రాసేలోపు మరో ముగ్గురు అదే అడిగారు. "మాకు రెండు కిలోలు రాసుకో అమ్మా" అని గ్రూపులోనే ఒకరు రాశారు, ఏవి రెండు కిలోలో చెప్పలేదు. విజయవాడ నుంచి వచ్చిన ఎదురింటి ఆంటీ అయితే "గారెలు వేడివేడిగా ఇస్తావా, చట్నీ కూడా ఉంటుందా?" అని అడిగారు. మా కరీంనగర్ వైపు గారెలంటే కరకరలాడే చెక్కలు, ఆవిడకేమో మినప గారెలు. రాత్రికి లెక్క చూసుకుంటే నలభై కిలోల దాకా ఆర్డర్లు వచ్చాయి. నా రెండు చేతులు, ఒక మూకుడుతో అందులో సగం కూడా కాదు. సగం మందికి ఫోన్ చేసి "అక్కా, సారీ" అని చెప్పుకోవాల్సి వచ్చింది.

లోపం మెసేజ్ భాషలో లేదు. రాసే ముందు నేను లెక్క వేసుకోలేదు, అంతే. ఆ తర్వాతి పండగల్లో ఒక్కో తప్పు దిద్దుకుంటూ వచ్చాను. హైదరాబాద్‌లో, రెండు బ్లాకుల అపార్ట్‌మెంట్‌లో, మొన్న జనవరిలో నేను చేసిన పద్ధతి ఇది. వరసగా చెప్తాను.

మొదటి పని: ఎన్ని చేయగలరో తేల్చుకోండి

మెసేజ్‌లో అన్నిటికంటే ముందు తేలాల్సిన అంకె ధర అనుకుంటాం. నిజానికి ముందు తేలాల్సింది పరిమాణం. అది తెలియకపోతే ఆర్డర్ ఎప్పుడు ఆపాలో తెలియదు.

ఒక్కో వంటకు పని ఒక్కో చోట ఆగుతుంది. సకినాలకు ఆగేది వేళ్ళ దగ్గర. రాత్రి నానబెట్టిన కొత్త బియ్యం వడగట్టి, తడి మీదే మరలో పట్టించి, జల్లించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, బట్ట మీద చుట్టలు చుట్టాలి. గొట్టంలో పెట్టి నొక్కే జంతికల్లా కాదు, ప్రతి సకినమూ వేళ్ళతో పిండిని మెలిపెడుతూ తిప్పాల్సిందే. చేయి తిరిగినవాళ్ళు గంటకు యాభై చుడతారు. నేను చేసే సైజులో కిలోకి యాభై వరకూ తూగుతాయి. అంటే ఒక మనిషికి ఒక కిలో చుట్టడానికి గంట.

నాలుగు కిలోల బియ్యం లెక్క చూద్దాం. నువ్వులు, పీల్చుకున్న నూనె కలిపి సకినాలు సుమారు అయిదున్నర కిలోలు వస్తాయి, దాదాపు 280. నేను, మా తోటికోడలు కూర్చుంటే చుట్టడానికే మూడు గంటలు. మూకుడులో వాయికి ఏడు పడతాయి. నలభై వాయిలు, వాయికి అయిదు నిమిషాలు, మొత్తం మూడు గంటల ఇరవై నిమిషాలు. కొన్ని చుట్టి బట్ట మీద కాస్త తడి లాగాక పొయ్యి వెలిగిస్తాం కాబట్టి రెండు పనులూ కొంత కలుస్తాయి. అయినా మరకి వెళ్ళి రావడం, ఆరబెట్టడం, తూకం, ప్యాకింగ్ కలిపితే ఒక రోజు పూర్తిగా పోయినట్టే.

ఇందులో విరిగినవి, చుట్ట విడిపోయినవి పోనిస్తే అమ్మగలిగేది అయిదు కిలోలు. ఈ విరిగినవాటిని లెక్కలో వేసుకోకపోవడమే మొదటి ఏడాది నా నడ్డి విరిచింది. రోజుకు ఎక్కువ చేద్దామని ముందే ఎనిమిది కిలోల పిండి పట్టించకండి. తడి పిండి మధ్యాహ్నానికి పులుపు వాసన వేస్తుంది. ఆ పిండితో చేసిన సకినాలు నూనెలో ఎర్రబడతాయి, రుచిలో చిన్న పులుపు తగులుతుంది. పండగ ముందు మర దగ్గర తడి బియ్యానికి క్యూ కూడా ఉంటుంది, అది వేరే టెన్షన్.

నేను మూడు రోజులు సకినాలకు పెట్టుకున్నాను. అంటే 15 కిలోలు, అరకిలో ప్యాకెట్లు 30. అందులో రెండు మా ఇంటికి, రెండు అత్యవసరానికి పక్కన పెట్టి, 26 ప్యాకెట్లే గ్రూపులో చెప్పాను. ఆ రెండు అత్యవసరపు ప్యాకెట్లు అవసరం లేదనిపిస్తుంది కానీ, ఒక వాయి మాడినా, ఒకరి పేరు రాసుకోవడం మరిచిపోయినా కాపాడేవి అవే.

అరిసెలకు ఆగేది పాకం దగ్గర. కిలో బియ్యప్పిండికి మించి ఒకేసారి చలిమిడి కలిపితే అడుగున పిండి పాకం పట్టకుండా ముద్దలుగా మిగిలిపోతుంది, నాకైతే చేయి తిరగదు. పాకం లేతగా దిగితే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే మర్నాటికి రాయి. అందుకే కిలో కిలోగా నాలుగు దఫాలు, దఫాకు నలభై చొప్పున. చెడినవి పోను 150 చెప్పాను. చెక్కలకు ఇంత బాధ లేదు, పూరీ ప్రెస్ మీద ఒత్తుకుంటూ పోతే పది కిలోలు రెండు మధ్యాహ్నాల్లో అయిపోతాయి.

మీరు మొదటిసారి చేస్తుంటే ముందు వారం ఒక కిలో బియ్యంతో ఇంటి కోసం చేసి, గడియారం, తూకం రెండూ చూసుకోండి. పైన చెప్పినవి నా చేతుల లెక్కలు.

రెండో పని: ధర

స్వీట్ షాపు రేటు చూసి పది రూపాయలు తగ్గించి పెట్టడం మామూలుగా అందరం చేసే పని. వాళ్ళు ఏ నూనెలో వేయిస్తారో, ఎంత మంది కూలి మీద చేస్తారో మనకు తెలియదు కాబట్టి ఆ అంకె మనకు పనికిరాదు. ఒక రోజు పనికి ఖర్చు రాసి, అమ్మగలిగిన కిలోలతో భాగించండి.

నా సకినాల రోజు లెక్క: కొత్త బియ్యం నాలుగు కిలోలు 240 రూపాయలు. నువ్వులు 800 గ్రాములు 176. వాము, ఉప్పు 30. పల్లీ నూనె, పీల్చినదీ చివర మిగిలి పారబోసినదీ కలిపి లీటరున్నర, 285. మర కూలి 60, గ్యాస్ 90, కవర్లు, లేబుళ్ళు 90. మొత్తం 971. అయిదు కిలోలతో భాగిస్తే కిలోకి 194 రూపాయలు.

ఇక్కడ ఆగిపోయి "అబ్బో, 300కి అమ్మితే కిలోకి వంద లాభం" అనుకున్న ఏడాది ఒకటుంది నాకు. మనుషుల లెక్క కలపాలి. తోటికోడలికి రోజుకు 600 ఇస్తాను, ఇంటి మనిషే కదా అని ఊరికే చేయించుకోను. నా ఏడు గంటలకు గంటకు 80 చొప్పున 560. ఇప్పుడు మొత్తం 2,131, కిలోకి 426. అందుకే కిలో 440, అరకిలో 220 పెట్టాను. మీ ఊళ్ళో బియ్యం, నూనె రేట్లు వేరుగా ఉంటాయి, భాగహారం మాత్రం ఇదే. విరిగినవి పోగా మిగిలిన కిలోలతోనే భాగించడం మరిచిపోవద్దు. అయిదున్నరతో భాగిస్తే మీ జేబులోంచే పోతుంది.

మెసేజ్‌లో అరకిలో ధరే రాయండి, కిలో ధర రాయకండి. కిలో ధర రాస్తే "పావు కిలో ఇస్తారా?" అని వస్తుంది. పావు కిలో ప్యాకెట్‌కీ అరకిలో ప్యాకెట్‌కీ తూకం, సీలింగ్, లేబుల్ పని ఒకటే. అమ్మే కొలత ఒక్కటే ఉంటే పుస్తకంలో లెక్కా తేలిక.

అరిసెలు మాత్రం లెక్కకే అమ్మండి, పది చొప్పున. కొనేవాళ్ళకు కావాల్సింది ఎన్ని అన్నదే, అల్లుడికి ఎన్ని, పక్కింటికి ఎన్ని అని లెక్క చూసుకుంటారు. పైగా అరిసె తూకంలో నూనె ఉంటుంది. కొయ్య చెక్కల మధ్య గట్టిగా ఒత్తి నూనె దించినవాళ్ళ అరిసె తేలిక, ఒత్తనివాళ్ళది బరువు. కిలో లెక్కన అమ్మితే బాగా ఒత్తినవాళ్ళే నష్టపోతారు. నాది పది 250 రూపాయలు.

మూడో పని: ఒక ఇంటికి ఎంత

మొత్తం హద్దు ఒకటి, ఇంటికి హద్దు మరొకటి. రెండోది ఎందుకు కావాలో ఒక ఆర్డరుతో తెలిసింది. అమెరికాలో ఉన్న కొడుక్కి పార్సిల్ వేయాలని ఒకాయన ఒక్కరే అయిదు కిలోల సకినాలు చెప్పారు. కాదనలేకపోయాను. ఒక రోజు పని మొత్తం ఒకే ఇంటికి వెళ్ళింది, మిగతా ఇళ్ళకు "అయిపోయాయి" అని చెప్పాల్సి వచ్చింది, వాళ్ళు మరుసటి పండగకి నన్ను అడగనే లేదు.

ఇప్పుడు ఒక ఫ్లాట్‌కి సకినాలు రెండు ప్యాకెట్లు, చెక్కలు రెండు, అరిసెలు పది మాత్రమే. అరిసెలు మొత్తం పదిహేను ప్యాకెట్లే కాబట్టి ఇంటికి ఒకటి. ఇరవై ఆరు సకినాల ప్యాకెట్లు రెండేసి చొప్పున వెళ్ళినా పదమూడు ఇళ్ళకు అందుతాయి. విదేశాలకు పంపేవాళ్ళకు "పండగ అయ్యాక వేరేగా చేసిస్తాను, విడిగా అడగండి" అని ఒక లైను పెడతాను. వాళ్ళకు పండగ రోజుకే అందాలని ఉండదు, వారం అటూ ఇటూ ఫరవాలేదంటారు.

నాలుగో పని: తేదీలు వెనక నుంచి లెక్కపెట్టండి

పికప్ ఎప్పుడో ముందు తేల్చి, అక్కడి నుంచి వెనక్కి రావాలి. సంక్రాంతికి హైదరాబాద్‌లో ఒక తిరకాసుంది. భోగికి నాలుగైదు రోజుల ముందే సగం అపార్ట్‌మెంట్ ఊళ్ళకు బయల్దేరుతుంది. పిల్లల స్కూళ్ళకు సెలవులిచ్చిన రాత్రికే బస్సెక్కేవాళ్ళుంటారు. భోగి ముందు రోజు పికప్ పెడితే తీసుకోవడానికి మనిషి ఉండడు. మొన్న అందుకే జనవరి 9 శుక్రవారం సాయంత్రం, 10 శనివారం ఉదయం పెట్టాను.

9వ తేదీ సాయంత్రం ఇవ్వాలంటే చివరి వాయి ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా దిగాలి. వేడి మీద ప్యాక్ చేస్తే కవరు లోపల ఆవిరి పడుతుంది, మర్నాటికి చెక్కలు మెత్తబడతాయి. అరచేయి అడుగున పెట్టి చూస్తే పైన చల్లగా ఉన్నా గుట్ట మధ్యలో వెచ్చగా తగులుతుంది, అలా ఉన్నంతసేపూ కట్టకూడదు. పేపరు మీద పలచగా పరిచి మూడు నాలుగు గంటలు వదిలేస్తాను.

దానికి వెనక 6, 7, 8 తేదీలు సకినాలు, చివరి రెండు మధ్యాహ్నాల్లో చెక్కలు. అరిసెలు 9 ఉదయం, వాటి బియ్యం ముందు రోజు పొద్దుటే నానాలి. సరుకులు 5న కొనాలి. కాబట్టి ఆర్డర్లు 4వ తేదీ ఆదివారం రాత్రి 9కి ఆగాలి. మెసేజ్ 2వ తేదీ శుక్రవారం సాయంత్రం ఏడున్నరకు పెట్టాను. జనవరి 1న అసలు పెట్టకండి. హ్యాపీ న్యూ ఇయర్ బొమ్మల వరదలో మీ సకినాలు ఎవరికీ కనపడవు. రెండు రోజుల గడువు చాలు. వారం ఇస్తే అందరూ "చూద్దాంలే" అనుకుని చివరి గంటలో అడుగుతారు.

మెసేజ్ ఇలా రాశాను

గ్రూపులో అమ్మకాల మెసేజ్‌లకు అసోసియేషన్ నియమం ఏమైనా ఉందేమో ముందు అడ్మిన్‌ని అడగండి. కొన్ని గ్రూపుల్లో వారానికి ఒక రోజే అనుమతిస్తారు. నేను పెట్టింది యథాతథంగా:

> సంక్రాంతి పిండివంటల ఆర్డర్లు – జనవరి 4 ఆదివారం రాత్రి 9 వరకే
>
> సకినాలు – అరకిలో ₹220 (26 ప్యాకెట్లు, ఫ్లాట్‌కి 2)
> చెక్కలు / గారెలు (కరకరలాడేవి) – అరకిలో ₹180 (20 ప్యాకెట్లు, ఫ్లాట్‌కి 2)
> బెల్లం అరిసెలు – 10కి ₹250 (15 ప్యాకెట్లు, ఫ్లాట్‌కి 1)
>
> తీసుకోవాల్సింది: జనవరి 9 శుక్రవారం సాయంత్రం 6 నుంచి 8:30, లేదా 10 శనివారం ఉదయం 8 నుంచి 11. బి బ్లాక్ గ్రౌండ్ ఫ్లోర్, మెట్ల పక్కన. డోర్ డెలివరీ లేదు.
>
> అన్నీ పల్లీ నూనెలోనే. సకినాల్లో, అరిసెల్లో నువ్వులుంటాయి. చెక్కల్లో వెల్లుల్లి ఉంటుంది, మిగతా రెండింట్లో ఉల్లి, వెల్లుల్లి లేవు. డబ్బాలో పెడితే సకినాలు, చెక్కలు మూడు వారాలు, అరిసెలు రెండు వారాలు ఉంటాయి.
>
> ఆర్డర్ నాకు విడిగా మెసేజ్ చేయండి, గ్రూపులో వద్దు. బ్లాక్, ఫ్లాట్, ఏవి ఎన్ని, ఏ రోజు తీసుకుంటారో రాయండి. ఉదాహరణ: బి-304, సకినాలు 2, అరిసెలు 1, శుక్రవారం.
>
> డబ్బు ముందే పంపాలి. నేను ఆర్డర్ నంబరు ఇచ్చాకే ఖాయమైనట్టు. 5వ తేదీన సరుకులు కొంటాను, ఆ తర్వాత రద్దు కుదరదు.
>
> విదేశాలకు పంపేవాళ్ళకు పండగ తర్వాత వేరేగా చేస్తాను, విడిగా అడగండి.

ఇందులో కొన్ని లైన్ల వెనక కథలున్నాయి.

మొదటి లైన్లో నమస్కారం లేదు, గడువు ఉంది. మర్యాద లేదనుకుంటారేమో అని నాకూ అనిపించింది. కానీ మెసేజ్ పొడుగైతే వాట్సాప్ కింది భాగం మడిచేసి `Read more` అని చూపిస్తుంది. చాలామంది అది నొక్కరు. కాబట్టి పేరు, ధర, గడువు పైన కనిపించే భాగంలోనే ఉండాలి. మొదటి లైనుకు అటూ ఇటూ చుక్కగుర్తు `*` పెడితే అక్షరాలు లావుగా కనిపిస్తాయి. అన్ని లైన్లకూ పెట్టేస్తే ఏదీ కంటికి ఆనదు, ఒక్కదానికే పెట్టండి.

"చెక్కలు / గారెలు" అని రెండు పేర్లూ రాసింది ఎదురింటి ఆంటీ చట్నీ అడిగిన నాటి నుంచి. మా వైపు మురుకులు అన్నవే కోస్తావాళ్ళకు జంతికలు, చెక్కల్ని రాయలసీమవాళ్ళు నిప్పట్లు అంటారు. మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరెవరున్నారో చూసుకుని రెండో పేరు పెట్టండి. ఫొటో ఒకటి జతచేస్తే ఇంకా నయం, అయితే మీరు చేసినదే పెట్టండి, ఇంటర్నెట్‌లో దొరికినది వద్దు. ఫొటోలో కంటే సకినం చిన్నగా ఉందని ఒకరన్నా అంటారు.

వెల్లుల్లి లైను సంక్రాంతికి తప్పనిసరి. జనవరి మధ్యలో మకరజ్యోతి వరకూ అయ్యప్ప మాల వేసుకున్న ఇళ్ళుంటాయి. వాళ్ళింట్లో ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. ఒకసారి చెప్పకుండా ఇచ్చాను, స్వామి నోట్లో పెట్టుకోబోయి వాసన చూసి ఆపారట. ఆయన ఏమీ అనలేదు, వాళ్ళమ్మగారు మాత్రం గట్టిగానే అన్నారు. నువ్వులు, పల్లీ నూనె సంగతి కూడా రాయాలి. కొందరికి అవి పడవు, వాళ్ళు అడిగేదాకా ఆగకూడదు.

ఇంట్లో చేసి అమ్మినా కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. చిన్న వ్యాపారాలకు మామూలు రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో `foscos.fssai.gov.in` లో చేసుకోవచ్చు. 14 అంకెల నంబరు వస్తుంది. అది ప్యాకెట్ లేబుల్ మీద, చేసిన తేదీ పక్కన వేస్తున్నాను.

గ్రూపులో ఆర్డర్లు ఎందుకు వద్దంటే

చాలా గ్రూపుల్లో ఒక అలవాటుంది. పేర్ల జాబితా కాపీ చేసి, చివర తమ పేరు కలిపి మళ్ళీ పెడతారు. ఇద్దరు ఒకే నిమిషంలో కాపీ చేస్తే ఒకరి పేరు ఎగిరిపోతుంది. ఆ తర్వాతివాళ్ళు పేరు లేని జాబితానే కాపీ చేస్తారు. పోయిన మనిషి మాత్రం తన పేరు ఉందనే నమ్మకంతో పికప్ రోజు సంచీ పట్టుకుని వస్తారు. నాకిది రెండుసార్లు జరిగింది.

పోల్ పెట్టి చూశాను. పోల్‌లో సకినాలు కావాలని చెప్పొచ్చు, ఎన్ని ప్యాకెట్లో చెప్పలేరు. పైగా ఓటు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పొద్దున పద్దెనిమిది ఉన్నవి సాయంత్రానికి పదిహేనయ్యాయి, ఎవరు తీసేశారో వెతుక్కుంటూ కూర్చున్నాను.

విడిగా వచ్చిన ఆర్డర్లను ఒక నోటు పుస్తకంలో వచ్చిన వరసలోనే రాస్తాను. నంబరు, బ్లాక్-ఫ్లాట్, ఏవి ఎన్ని, డబ్బు, ఏ రోజు. ఉదాహరణకు 11వ నంబరు: బి-304, సకినాలు 2, అరిసెలు 1, 690 రూపాయలు, శుక్రవారం. వాళ్ళకు జవాబు: "ఆంటీ, మీ ఆర్డర్ నంబరు 11. ₹690. పంపేటప్పుడు నోట్‌లో బి-304 అని రాయండి." ఆ నోట్ రాయకపోతే యూపీఐలో ఎవరి భర్త పేరో, కొడుకు పేరో కనిపిస్తుంది, ఆ 690 ఎవరిదో తేలదు. స్క్రీన్‌షాట్ పంపినా నా బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే పుస్తకంలో టిక్ పెడతాను. మోసం చేస్తారని కాదు, 'పెండింగ్' అని ఉన్నదాన్నే స్క్రీన్‌షాట్ తీసి పంపినవాళ్ళున్నారు, వాళ్ళకే తెలియదు అది వెళ్ళలేదని.

బ్లాక్ పేరు తప్పకుండా అడగండి. ఉట్టి "304" అని రాసుకున్న ఏడాది ఎ-304 వాళ్ళ అరిసెలు బి-304 వాళ్ళు తీసుకెళ్ళి, నేను ఫోన్ చేసేలోపు నాలుగు తినేశారు.

అయిపోతున్నప్పుడు, అయిపోయాక

మొన్న సకినాలు శనివారం మధ్యాహ్నానికే అయిపోయాయి. అసలు మెసేజ్‌ని అప్పుడు దిద్దలేం, వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల వరకే దిద్దుబాటు కుదురుతుంది. అందుకే పంపిన వెంటనే ధరలు, తేదీలు మరోసారి చదువుకోండి. తర్వాతి మార్పులకు మీ మెసేజ్‌కే రిప్లై కొట్టండి: "సకినాలు అయిపోయాయి. చెక్కలు 7, అరిసెలు 4 ప్యాకెట్లు ఉన్నాయి. ఆదివారం రాత్రి 9 వరకు." రిప్లై కాబట్టి పైనున్న అసలు మెసేజ్ నొక్కితే తెరుచుకుంటుంది. అడ్మిన్ దాన్ని పిన్ చేస్తే ఇంకా మంచిది.

గడువు దాటాక వచ్చేవాళ్ళు ఉంటారు, అందులో మీకు కాదనలేని మనుషులే ఎక్కువ. "ఒక్క అరకిలోనే కదా, నాకోసం" అంటారు. ఆ మాటకు ఒప్పుకుంటే రెండోవాళ్ళకు తెలుస్తుంది, అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ అనేది ఒకటుంది. నేను చెప్పే మాట ఇదే: "పిన్నిగారూ, బియ్యం లెక్కకే నానబెట్టాను. వెయిటింగ్‌లో మీ పేరు మొదట రాశాను, ఎవరైనా మానుకుంటే మీకే." నిజంగానే రాస్తాను. మొన్న అలా ఇద్దరికి దొరికాయి.

9వ తేదీ పొద్దున గ్రూపులో కాకుండా ఆర్డర్ ఇచ్చినవాళ్ళకే విడివిడిగా గుర్తు చేశాను: "మీ ఆర్డర్ 11 సిద్ధం. ఈరోజు 6 నుంచి 8:30, బి బ్లాక్ మెట్ల దగ్గర. సంచీ తెచ్చుకోండి." ప్యాకెట్ల మీద పేరు బదులు ఆర్డర్ నంబరు పెద్దగా రాసి, బల్ల మీద వరసలో పెడితే వెతుకులాట ఉండదు. ఇచ్చినప్పుడల్లా పుస్తకంలో గీత కొట్టండి. వాచ్‌మన్ దగ్గర పెట్టి వెళ్ళమని అడుగుతారు, నేను ఒప్పుకోను. ప్యాకెట్లు తారుమారైతే మాట పడేది అతను. రాలేకపోయేవాళ్ళకు ఒక సౌకర్యం ఇచ్చాను: తమ ఆర్డర్ నంబరు చెప్పి పక్కింటివాళ్ళను పంపొచ్చు. శనివారం పదకొండు దాటినా రాని ఇద్దరికి ఫోన్ చేస్తే ఒకరు అప్పటికే సూర్యాపేట దాటారు. ఆ ప్యాకెట్ కనుమ తర్వాతి వరకు మా డబ్బాలో ఉంది.

విరిగిన సకినాల సంగతి మెసేజ్‌లో ఎక్కడా రాయను. మూడు రోజుల ముక్కలు ఒక స్టీలు డబ్బాలో పోస్తే గొంతు దాకా వస్తాయి. వాటికి ధర పెడితే వచ్చే ఏడాది అందరూ ముక్కలే అడుగుతారని మా తోటికోడలి భయం. పికప్ రోజు ఆ డబ్బా మూత తీసి బల్ల చివర పెడతాం, వచ్చినవాళ్ళ పిల్లలు గుప్పిట్లో పట్టినన్ని తీసుకెళ్తారు.